మెదడుకు లేని నొప్పి తలకెక్కడిది?

సిజేరియన్ అయిన మూడో రోజు పొద్దున మా చెల్లి బిడ్డకు పాలివ్వడానికి లేచి కూర్చుంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో రెండు చేతులతో తల పట్టుకుంది. నుదురు పగిలిపోతోందంది. మెడ వెనక నరాలు పట్టుకుని ఎవరో కిందికి గుంజుతున్నట్టుందంది. బిడ్డను నా చేతిలో పెట్టి పడుకుంది. పడుకున్న కాసేపటికే నొప్పి ఎటు పోయిందో పోయింది. మధ్యాహ్నం లేచింది, మళ్లీ అదే. సాయంత్రమూ అదే. "పచ్చి బాలింత, తలకు గాలి తగిలింది" అని మా అమ్మ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించి కట్టింది. కట్టు ఉన్నా లేకపోయినా, కూర్చుంటే నొప్పి, పడుకుంటే హాయి.

రాత్రి మత్తు డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడి ఒక్కటే అడిగారు. "కూర్చుంటేనే వస్తోందా అమ్మా? పడుకుంటే?"

"పడుకుంటే అసలేం ఉండదు సార్."

ఆయనకు విషయం అర్థమైపోయింది. నడుముకు ఇచ్చిన మత్తు సూది వల్ల కొందరికి వచ్చే తలనొప్పి ఇదన్నారు. "మెదడుకేమైనా అయిందా బాబూ?" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన ఇలా అన్నారు. "మెదడుకు నొప్పే తెలీదమ్మా. అమ్మాయికి నొస్తున్నది మెదడు కాదు, దాన్ని పట్టి ఉంచే పొరలూ రక్తనాళాలూ."

లోకంలోని నొప్పులన్నీ తెలిసేది మెదడు వల్లేనని చదువుకున్నాం కదా, ఆ మెదడుకే నొప్పి తెలియకపోవడమేమిటి? ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తర్వాత చదివినకొద్దీ, అడిగినకొద్దీ అర్థమైందేమిటంటే, మా చెల్లికి వచ్చిన ఈ ఒక్క తలనొప్పిని సరిగా తెలుసుకుంటే తలనొప్పి అనేది అసలెక్కడ పుడుతుందో సగానికి పైగా తెలిసినట్టే.

మెదడుకు నొప్పి తెలియదనడానికి రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. 2017లో గుంటూరులో ఒక రోగికి మెదడు ఆపరేషన్ చేస్తూ బాహుబలి సినిమా చూపించారని పత్రికల్లో చదివే ఉంటారు. అది తమాషాకు చేసింది కాదు. కణితి మాటకో చేతి కదలికకో సంబంధించిన చోటుకు దగ్గరగా ఉంటే, రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, చేతులు కదిలించమంటూ కోస్తారు. మాట తడబడితే డాక్టరు అక్కడితో ఆగుతాడు. 1930లలో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మూర్ఛ రోగులకు ఈ పద్ధతిలోనే ఆపరేషన్లు చేశాడు. మెలకువగా ఉన్నవాళ్ల మెదడు మీద సన్నని విద్యుత్తు తీగ ఆనిస్తే చెయ్యి తిమ్మిరెక్కిందనీ, వెలుగులు కనిపించాయనీ, పాట వినిపించిందనీ చెప్పేవారు. మెదడు నొస్తోందని మాత్రం కాదు.

అయితే ఆ ఆపరేషన్‌లో మత్తు ఎక్కడెక్కడ ఇస్తారో చూస్తే అసలు కథ తెలుస్తుంది. నెత్తి చర్మానికి వెళ్లే నరాల చుట్టూ మత్తు సూదులు వేస్తారు. ఎముకను డ్రిల్లుతో తొలుస్తుంటే రోగికి చప్పుడూ అదురూ తెలుస్తాయి కానీ ఎముక లోపలి భాగం నొప్పెట్టదు. ఎముక కింద మెదడును కప్పుకుని, తోలులాంటి గట్టి పొర ఒకటి ఉంటుంది. దాన్ని డ్యూరా అంటారు. దాని మీద పాకే ధమని దగ్గర సర్జన్ చెయ్యి పడితే, అప్పటిదాకా కబుర్లు చెబుతున్న రోగి ఒక్కసారిగా మూలుగుతాడు. అందుకే ఆ ధమని పక్కన మళ్లీ కాస్త మత్తుమందు ఎక్కిస్తారు. పొర దాటి లోపల మెదడును కోసేటప్పుడు మాత్రం ఏ మత్తూ అక్కర్లేదు.

కారణం పిండంలో మెదడు తయారయ్యే దశలోనే ఉంది. నొప్పిని పసిగట్టే నాడీకణాలు మెదడులో ఉండవు. ఒంటికి సంబంధించినవి వెన్నుపాముకు రెండు పక్కలా చిన్న చిన్న ముడులలో ఉంటాయి. ముఖానికీ తలకూ సంబంధించినవి చాలావరకు పుర్రె అడుగున, చెవికి కాస్త ముందు లోపలగా, ఒక ముడిలో ఉంటాయి. ఒక్కో కణానికి రెండు కొమ్మలు. ఒకటి బయటికి, చర్మానికో కండరానికో పొరకో పోతుంది. రెండోది లోపలికి, వెన్నుపాముకో మెదడు కాండానికో వార్త చేరవేస్తుంది. పిండంలో మెదడూ వెన్నుపామూ ఒక గొట్టంలా మూసుకుంటున్నప్పుడు, ఆ గొట్టం అంచుల నుంచి కొన్ని కణాలు బయటికి వలసపోతాయి. నొప్పి కణాలు ఎక్కువగా ఆ వలసపోయినవాటి సంతానమే. గొట్టంలో మిగిలిపోయిన కణాలు మెదడవుతాయి. బయటికి పోయిన కణాల కొమ్మలు చర్మాన్నీ, కండరాలనూ, మెదడు పొరలనూ, మెదడు మీద పాకే రక్తనాళాలనూ అల్లుకుంటాయి. కానీ ఆ రక్తనాళం సన్నబడి మెదడు కణజాలంలోకి మునగగానే, దానితోపాటు వచ్చిన ఆ నరం అక్కడితో ఆగిపోతుంది. లోపల వినేవాళ్లున్నారు, చెప్పేవాళ్లు లేరు.

ప్రకృతి ఇలా ఎందుకు ఉంచిందంటే, నాకు తోచిన జవాబు ఇది. నొప్పి పని చెయ్యి వెనక్కి లాక్కునేలా చెయ్యడం. మెదడుదాకా వచ్చిన దెబ్బ అప్పటికే చర్మాన్నీ, ఎముక పైపొరనూ, డ్యూరానూ దాటి వచ్చి ఉంటుంది. చెప్పాల్సిన హెచ్చరిక ఆ మూడూ చెప్పేసి ఉంటాయి.

మరి తలలో ఏది నొస్తుంది, ఏది నొవ్వదు? దీన్ని చేత్తో తాకి తేల్చినవారు న్యూయార్క్‌లో సర్జన్ బ్రాన్సన్ రే, నరాల వైద్యుడు హెరాల్డ్ వుల్ఫ్. మెలకువగా ఆపరేషన్ చేయించుకుంటున్న 30 మంది రోగుల తలలో ఒక్కో భాగాన్నే నొక్కి, లాగి, సాగదీసి, సన్నని విద్యుత్తు తగిలించి, "ఇప్పుడెలా ఉంది? నొప్పి ఎక్కడ?" అని అడిగి రాసుకున్నారు. 1940లో అచ్చువేశారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ పటం ఇప్పటికీ చాలావరకు నిలిచే ఉంది.

ఆ పటంలో పుర్రె బయట ఉన్నవి దాదాపు అన్నీ నొస్తాయి: నెత్తి చర్మం, కణతల దగ్గర కొట్టుకునే ధమనులు, కండరాలు, ఎముకను అంటుకున్న పైపొర. పుర్రె లోపల నొప్పెట్టేవి కొన్నే. మెదడు నుంచి చెడు రక్తాన్ని పోగుచేసి పంపే పెద్ద సిరల కాలువలు, వాటిలో కలిసే సిరలు, డ్యూరా మీది ధమనులు, పుర్రె అడుగున ఉన్న డ్యూరా, మెదడు అడుగున వలయంగా అల్లుకున్న పెద్ద ధమనులు, వీటితోపాటు నొప్పిని మోసే నరాలు. మెదడూ, దాన్ని అంటిపెట్టుకున్న పల్చని పొరల్లో చాలా భాగమూ, నడినెత్తి కింద డ్యూరాలో చాలా భాగమూ, మెదడు లోపలి గదుల గోడలూ పలకలేదు. పడవకు కట్టిన తాళ్లూ గూటాలూ నొస్తాయి, పడవ నొవ్వదన్నమాట.

రే, వుల్ఫ్ రాసుకున్నవాటిలో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది, లాగింది ఒకచోట అయితే నొప్పి మరోచోట తెలియడం. నడినెత్తి కింది సిరల కాలువను లాగితే రోగి నుదురు పట్టుకున్నాడు, కన్ను నొస్తోందన్నాడు. మెదడుకు చెప్పే నరానికి అన్ని ఇళ్లూ ఒకే చిరునామా మీద ఉండటమే దీనికి కారణం. పెద్దమెదడు ఉన్న పై అంతస్తు పొరలనూ నాళాలనూ ట్రైజెమినల్ నరం చూసుకుంటుంది. ముఖ్యంగా దాని మొదటి శాఖ. నుదుటి చర్మం, కన్ను కూడా ఆ శాఖ కిందివే. లోపలి పొర నుంచి వార్త వచ్చినా, జీవితమంతా నుదుటి దెబ్బల వార్తలే విని అలవాటుపడ్డ మెదడు దాన్ని నుదుటి కిందే రాసుకుంటుంది. చిన్నమెదడు ఉన్న కింది అంతస్తు పొరలను మెడ పైభాగం నుంచి వచ్చే నరాలు ఎక్కువగా చూసుకుంటాయి. అక్కడ లాగితే నొప్పి మెడ వెనకా, తల వెనకా తెలుస్తుంది. ఈ రెండు రకాల నరాలూ చివరికి మెడ దగ్గర వెన్నుపాము పైకొసలో ఒకే కణాల మీద వచ్చి పడతాయి. మెడ పట్టేస్తే కన్ను లాగడం, కన్ను నొప్పితో మొదలైంది మెడలోకి దిగడం మనకు అనుభవమే కదా.

ఇప్పుడు మా చెల్లి దగ్గరికి వద్దాం. ఆమెకు నొప్పి నుదుట్లోనూ వచ్చింది, మెడ వెనకా వచ్చింది. అంటే పై అంతస్తూ కింది అంతస్తూ రెండూ లాగబడుతున్నాయి. ఎవరు లాగుతున్నారు?

బావిలో నీళ్లు తోడినవాళ్లకు తెలుస్తుంది. చేద నీళ్లలో మునిగి ఉన్నంతసేపు తాడు చేతికి తేలిగ్గానే ఉంటుంది. నీటి పైకి తేలిన క్షణంలో ఒక్కసారిగా బరువు దిగి తాడు అరచేతుల్లో కోసుకుంటుంది. మెదడూ అంతే. బయట తూస్తే దాదాపు 1400 గ్రాములుంటుంది. కానీ అది పుర్రెలో ఒక పలచని ద్రవంలో తేలుతోంది. ఆ ద్రవంలో దాని బరువు సుమారు 50 గ్రాములు మాత్రమే. మెదడు చుట్టూ వెన్నుపాము చుట్టూ కలిపి పెద్దవాళ్లలో ఆ ద్రవం 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. మన టీ గ్లాసు ఒకటిన్నర అనుకోండి. రోజుకు అర లీటరు దాకా కొత్తగా ఊరుతూ, పాతది రక్తంలోకి ఇంకిపోతూ ఉంటుంది.

నడుముకు మత్తు ఇచ్చేటప్పుడు సన్నని సూది డ్యూరాను గుచ్చుకుని ఈ ద్రవంలోకే చేరాలి. మందు ఎక్కించి సూది తీసేశాక ఆ రంధ్రం మామూలుగా మూసుకుంటుంది. కొందరిలో వెంటనే మూసుకోదు. ద్రవం బొట్టుబొట్టుగా వెన్ను చుట్టూ ఉన్న కొవ్వులోకి కారిపోతుంటుంది. పడుకుంటే తల, నడుము ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి పెద్దగా తేడా తెలియదు. కూర్చుంటే తలలోని ద్రవం కిందికి దిగుతుంది, చేద నీళ్లలోంచి పైకి వచ్చినట్టే. తేలుతున్న మెదడు కాస్త కిందికి జారి, దాన్ని పట్టి ఉంచిన సిరలనూ, అడుగున ఉన్న డ్యూరానూ, నరాలనూ లాగుతుంది. ఇంకొకటీ జరుగుతుంది. పుర్రె గట్టి డబ్బా. లోపల ద్రవం తగ్గితే ఆ ఖాళీని ఏదో ఒకటి నింపాలి, సిరలు రక్తంతో ఉబ్బి నింపుతాయి. సిరల గోడలు సాగితే అవీ నొస్తాయి. కొందరికి చెవులు దిబ్బడ వేయడం, చెవిలో హోరు, వికారం, మెడ బిగుసుకోవడం కూడా ఉంటాయి.

ఈ నొప్పిని మొదట తన ఒంటి మీద చవిచూసి రాసిపెట్టినవాడు జర్మనీలో కీల్ నగరపు సర్జన్ ఆగస్ట్ బియర్. 1898లో ఆయనా, ఆయన సహాయకుడూ వెన్నులో మత్తు ఎలా పనిచేస్తుందో ఒకరి మీద ఒకరు పరీక్షించుకున్నారు. బియర్ వంతు వచ్చినప్పుడు సిరంజి సూదికి సరిగా అమరలేదు. ద్రవం చాలా కారిపోయింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన మంచం దిగలేకపోయాడు. నిలబడితే తల తిరుగుడు, తలనొప్పి. పడుకుంటే ఏమీ లేదు. ద్రవం పోవడమే కారణమని ఆయనకు అప్పుడే అనుమానం వచ్చింది. 1943లో వుల్ఫ్ బృందం ఈ అనుమానాన్ని రుజువు చేసింది. కూర్చున్న మనుషుల నడుము నుంచి సుమారు 20 మిల్లీలీటర్ల ద్రవం తీస్తే తలనొప్పి వచ్చింది, లోపలి ఒత్తిడిని తిరిగి పెంచితే తగ్గింది. మెదడుకు ఎవరూ ఏమీ చెయ్యలేదు. అది తేలే నీళ్ల మట్టం మారింది, అంతే.

మన దగ్గర ఇది ఎక్కువమందికి ఎదురయ్యే విషయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వాటిలో ఎక్కువ భాగం నడుముకు మత్తిచ్చి చేసేవే. అయినా తలనొప్పి కొద్దిమందికే వస్తుంది, అది చాలావరకు సూదిని బట్టి ఉంటుంది. సన్నని సూదికి రంధ్రం చిన్నది. కత్తిమొనలా కోసుకుంటూ పోయే సూది కంటే, పెన్సిల్ మొనలా పీచులను పక్కకు తోసుకుంటూ పోయే సూదితో నొప్పి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. పురుటి నొప్పులు తెలియకుండా ఇచ్చే ఎపిడ్యూరల్‌కు వాడే లావు సూది పొరపాటున డ్యూరాను దాటితే మాత్రం సగానికి పైగా ఆడవాళ్లకు ఈ తలనొప్పి తప్పదు. ఇక మత్తిచ్చాక దిండు లేకుండా పడుకోబెట్టడం మన ఆసుపత్రుల్లో గట్టి ఆనవాయితీ. పరిశీలించి చూస్తే అలా పడుకోబెట్టడం వల్ల నొప్పి రాకుండా ఆగడం లేదని తేలింది. వచ్చిన నొప్పికి పడక ఉపశమనం ఇస్తుంది, రాబోయే నొప్పిని ఆపదు. బిడ్డను ఎత్తుకోవద్దని తల్లిని అలా కట్టిపడేయడం నాకు బాధ కలిగిస్తుంది.

రోజువారీ తలనొప్పుల సంగతి? పార్శ్వపు నొప్పిలోనూ పలికేది ఈ పొరలూ నాళాల చుట్టూ అల్లుకున్న ట్రైజెమినల్ కొసలే. అవి సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని విడుదల చేసి నాళాలను వెడల్పు చేస్తాయి, నొప్పి వార్త బలపడుతుంది. అందుకే వంగినా దగ్గినా తల అదురుతుంది. ఆ పదార్థాన్ని అడ్డుకునే మందులు 2018 నుంచి వాడకంలోకి వచ్చాయి. కానీ పార్శ్వపు నొప్పిని మొదలుపెట్టేది మాత్రం మెదడే అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. తనకు నొప్పి తెలియకపోయినా, పొరల్లోని నరాలను రెచ్చగొట్టగలదు. సాయంత్రానికి తల చుట్టూ పట్టీ బిగించినట్టుండే నొప్పిలో నెత్తి, మెడ కండరాల పాత్ర ఉంటుంది.

మా చెల్లికి మొదట నీళ్లు బాగా తాగమన్నారు, నొప్పి మాత్రలిచ్చారు, చిక్కటి కాఫీ తాగమన్నారు. కాఫీలోని కెఫీన్ ఉబ్బిన నాళాలను కాస్త కుదిస్తుంది. రెండు మూడు గంటలు నయమనిపించి మళ్లీ మొదటికి వచ్చేది. ఒకటిన్నర రోజు అయ్యాక డాక్టరు రక్తపు అతుకు వేద్దామన్నారు. ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు చేతి నుంచి సుమారు 20 మిల్లీలీటర్ల రక్తం శుభ్రంగా తీశారు. మరొకరు నడుములో పాత రంధ్రం దగ్గరే, కానీ ఈసారి డ్యూరాను దాటకుండా, దాని వెలుపల ఆ రక్తాన్ని మెల్లగా ఎక్కించారు. "నడుము బిగిసినట్టుంది" అని ఆమె అన్నప్పుడు ఆపేశారు. ఎక్కిన రక్తం డ్యూరా సంచిని బయటి నుంచి నొక్కి ద్రవాన్ని పైకి తోస్తుంది, తర్వాత గడ్డకట్టి రంధ్రాన్ని మూస్తుంది. కొందరికి ఒక్కసారితో పనవదు, రెండోసారి వెయ్యాల్సి వస్తుంది. జ్వరం ఉన్నవాళ్లకూ, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లకూ వెయ్యరు. మా చెల్లి రెండు గంటలు పడుకుని లేచి కూర్చుంది. మేమంతా ఊపిరి బిగబట్టాం. "ఏమీ లేదక్కా" అంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అమ్మను పక్కకు పిలిచి చెప్పిన జాగ్రత్త నాకు ఇప్పటికీ గుర్తే. కూర్చుంటే వచ్చి పడుకుంటే పోయే నొప్పి, పడుకున్నా పోకుండా రోజంతా ఉండిపోతే, అది వేరే నొప్పి. మెదడు కిందికి జారినప్పుడు దాని మీంచి డ్యూరాకు దాటే సన్నని సిరలు తెగి, పొర కింద రక్తం పేరుకుంటూ ఉండొచ్చు. లేదా బాలింతల్లో రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ కాబట్టి, రే, వుల్ఫ్ లాగి చూసిన ఆ పెద్ద సిరల కాలువల్లోనే గడ్డ ఏర్పడి ఉండొచ్చు. చూపు మసకబారడం, మత్తుగా ఉండటం, ఫిట్సు రావడం, కాలో చెయ్యో పట్టు తప్పడం ఏది కనిపించినా ఆ రాత్రే తల స్కాన్ తీయించాలి. క్షణాల్లో ఎన్నడూ ఎరగనంత తీవ్రంగా విరుచుకుపడే నొప్పి అయితే, మెదడు అడుగున ఉన్న ధమనుల వలయంలో ఎక్కడో చిట్లిందేమోనని అనుమానించాలి.

"నొప్పి వస్తేనే కదా బాబూ తెలిసేది, రాకపోతే?" అని అమ్మ అడిగింది.

"అదే అసలు చిక్కమ్మా" అన్నారాయన. గడ్డ అడ్డుపడి మెదడులో ఒక భాగం చచ్చిపోతున్నా చాలామందికి తల ఏమాత్రం నొవ్వదు. మూతి వంకర పోతుంది, చెయ్యి జారిపోతుంది, మాట ముద్దగా వస్తుంది, అంతే. నొప్పి లేదు కదా, పొద్దునకు సర్దుకుంటుందిలే అని జనం ఇంట్లోనే పడుకుంటారు. మందు ఇచ్చి గడ్డ కరిగించడానికి ఉన్న నాలుగున్నర గంటలూ ఆ పడకలోనే గడిచిపోతాయి.